లో కార్బ్, లో ఫ్యాట్ గొడవలో 609 మంది తేల్చిందేమిటి?

బరువు తగ్గాలంటే పిండి పదార్థాలు మానాలా, కొవ్వు మానాలా అన్న వాదన దశాబ్దాలుగా తెగడం లేదు. ఇరుపక్షాల దగ్గరా అధ్యయనాలున్నాయి, పది రోజుల్లో మూడు కిలోలు తగ్గామని చెప్పే మనుషులూ ఉన్నారు. నా మటుకు ఈ వాదనలో ఎక్కువ విలువైన సాక్ష్యం 2018లో జామా వైద్య పత్రికలో వచ్చిన డైట్‌ఫిట్స్ అధ్యయనం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం చేసింది.

అధిక బరువు ఉండి షుగర్ వ్యాధి లేని 609 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు లో ఫ్యాట్, ఇంకో గుంపుకు లో కార్బ్ అప్పగించారు. ఏడాది తిరిగేసరికి లో ఫ్యాట్ వాళ్లు సగటున 5.3 కిలోలు, లో కార్బ్ వాళ్లు 6 కిలోలు తగ్గారు. ఈ 0.7 కిలోల తేడాను గణాంకాల ప్రకారం తేడాగా లెక్కించలేం. ఎవరికి ఏ డైట్ పనిచేస్తుందో జన్యువులను బట్టి, లేదా ఇన్సులిన్ విడుదలయ్యే తీరును బట్టి ముందే చెప్పొచ్చేమోనని కూడా చూశారు. రెండింటితోనూ ముందే చెప్పడం కుదరలేదు. జీన్ టెస్ట్ చేయించుకోండి, మీకు సరిపడే డైట్ చెబుతాం అనే వ్యాపారానికి ఇది మింగుడుపడని సంగతి.

సగటుల కింద దాగిన తేడా మాత్రం చాలా పెద్దది. రెండు గుంపుల్లోనూ పాతిక కిలోలకు పైగా తగ్గినవాళ్లున్నారు, తగ్గకపోగా పెరిగినవాళ్లూ ఉన్నారు. అంటే ఒకే డైట్ లోపల మనిషికీ మనిషికీ ఉన్న తేడా ముందు రెండు డైట్ల మధ్య తేడా లెక్కలోకే రాదు.

ఆ అధ్యయనంలో నాకు నచ్చింది ఫలితం కన్నా పద్ధతి. ఇన్ని క్యాలరీలే తినాలని ఎవరికీ గీత గీయలేదు. మొదటి 8 వారాల్లో లో కార్బ్ వాళ్లను రోజుకు 20 గ్రాముల పిండి పదార్థాలకు, లో ఫ్యాట్ వాళ్లను 20 గ్రాముల కొవ్వుకు దిగమన్నారు. ఆ తర్వాత వారానికి 5 నుంచి 15 గ్రాముల చొప్పున పెంచుకుంటూ పోయి, ఇక జీవితాంతం ఇలాగే తినగలను అనిపించిన అతి తక్కువ మోతాదు దగ్గర ఆగమన్నారు. చక్కెర, మైదా తగ్గించి కూరగాయలు బాగా తినడం మాత్రం ఇద్దరికీ ఒకే నియమం. ఏడాది చివర లో కార్బ్ వాళ్లు ఆగిన చోటు సగటున రోజుకు దాదాపు 130 గ్రాములు, లో ఫ్యాట్ వాళ్లు ఆగింది 57 గ్రాముల కొవ్వు దగ్గర. 20 దగ్గర నిలిచినవాళ్లు చాలా అరుదు. లెక్కలు రాసుకోకపోయినా రెండు గుంపుల వాళ్లూ రోజుకు సుమారు 500 క్యాలరీలు తగ్గించి తిన్నారు. బరువు తగ్గింది అందుకే.

మరి పది రోజుల్లో మూడు కిలోలు అబద్ధమా? కాదు. కాలేయం, కండరాలు కలిపి 400 నుంచి 500 గ్రాముల చక్కెరను గ్లైకోజెన్ అనే నిల్వగా దాచుకుంటాయి, ఒక్కో గ్రాము తనతోపాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండి పదార్థాలు ఒక్కసారిగా మానేస్తే ఈ నిల్వ చాలావరకు ఖర్చయి, నీరు బయటికి పోతుంది. కిలోన్నర వరకు ఇలా పోయిందే అనుకోవచ్చు. చిక్కు మూడో వారంలో మొదలవుతుంది. రోజుకు 500 క్యాలరీలు తక్కువ తింటున్నా కరిగే కొవ్వు వారానికి అరకిలో లోపే, కాబట్టి కాటా కదలనట్టు కనిపిస్తుంది. డైట్ పనిచేయడం మానేసిందనుకుని చాలామంది అక్కడే వదిలేస్తారు. మళ్లీ మామూలుగా తినగానే నీరు తిరిగొచ్చి రెండు రోజుల్లో కిలో పెరుగుతుంది. ఇక టెన్షన్ మొదలు. ఆ రెండు రోజుల్లో కిలో కొవ్వు పట్టాలంటే అవసరానికి మించి దాదాపు 7,700 క్యాలరీలు తిని ఉండాలి, అది జరగలేదని తిన్నవాళ్లకే తెలుసు.

కట్టుబడి ఉండటమే అసలు సంగతని 2005లోనే జామాలో వచ్చిన ఇంకో అధ్యయనం చూపించింది. మైకేల్ డాన్సింగర్ బృందం 160 మందికి పిండి పదార్థాలు బాగా తగ్గించే అట్కిన్స్, కొవ్వు బాగా తగ్గించే ఆర్నిష్, ఈ రెంటికీ మధ్యస్థంగా ఉండే జోన్, వెయిట్ వాచర్స్ డైట్లు పంచింది. ఎవరెంత తగ్గారన్నదానికి డైట్ పేరుతో సంబంధం దాదాపు లేదు, దాన్ని ఎంత గట్టిగా పాటించారన్నదానితో బలంగా ఉంది. బాగా కఠినమైన అట్కిన్స్, ఆర్నిష్‌లను సగం మంది మధ్యలోనే వదిలేశారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. పాటించినందుకు బరువు తగ్గిందా, బరువు తగ్గుతుంటే ఉత్సాహం వచ్చి పాటించారా అన్నది ఈ లెక్క విడదీయలేదు. అందుకే వదిలేసినవాళ్లకు పట్టుదల లేదని తీర్పు చెప్పడం నాకు సబబుగా తోచదు. ఆకలి తీరని డైట్‌ను ఏడాది లాగమనడమే తప్పు కావచ్చు.

ఎంచుకోవాలంటే నేను చూసేది ఆకలినే. తిన్న రెండు గంటలకే మళ్లీ తిండి మీదికి మనసు పోతుంటే ఆ డైట్ ఆ మనిషికి నిలవదు. మోతాదు కాస్త పెంచి చూడాలి, లేదా రెండోదానికి మారాలి. షుగర్‌కు ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లకు మాత్రం ఈ ప్రయోగం సొంతంగా చేయడానికి వీల్లేదు. పాత డోసు అలాగే వేసుకుంటూ పిండి పదార్థాలు ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, కాబట్టి వాళ్లు ముందు డాక్టర్‌తో మందుల మోతాదు మార్పించుకున్నాకే మొదలుపెట్టాలి.