సవరణ: రక్తంలో కొలెస్ట్రాల్ వేరు, పైత్యరసంలో కొలెస్ట్రాల్ వేరు

“రక్తంలో కొలెస్ట్రాల్ పెరిగితేనే గాల్ స్టోన్స్ వస్తాయని రాశారు. నా రిపోర్ట్ నార్మల్. మరి నాకు రాయి ఎలా వచ్చింది?”

తప్పు నాదే, ఆ వాక్యం తీసేశాను. కొలెస్ట్రాల్ నీళ్లలో కరగదు. రక్తంలో దాన్ని ఎల్‌డీఎల్ లాంటి ప్రొటీన్ పొట్లాలు మోస్తాయి. లివర్ తయారుచేసే పైత్యరసంలో ఆ పని పైత్య లవణాలు, లెసిథిన్ అనే కొవ్వు పదార్థం కలిసి చేస్తాయి. లివర్ అవి మోయగలిగినదానికంటే ఎక్కువ కొలెస్ట్రాల్ వదిలితే, మిగిలింది పైత్యరసం నిల్వ ఉండే పిత్తాశయంలో సన్నని పలకల్లాంటి స్ఫటికాలుగా విడిపోతుంది. అక్కడి జిగురులో చిక్కుకుని, మెల్లగా రాయిగా పెరుగుతుంది. పిత్తాశయం సరిగా ఖాళీ అవుతుంటే చాలా స్ఫటికాలు బయటికి పోతాయి.

మీరు 3 నెలల్లో 18 కిలోలు తగ్గానన్నారు కదా, నా అనుమానం దానిమీదే. కరిగే కొవ్వులోంచి వచ్చిన కొలెస్ట్రాల్‌ను లివర్ పైత్యరసంలోకి పంపుతుంది. తిండిలో కొవ్వు బాగా తగ్గితే పిత్తాశయం ముడుచుకోవడమూ తగ్గుతుంది. ఈలోగా లిపిడ్ రిపోర్ట్ ఇంకా బాగుపడి ఉండొచ్చు కూడా! రాయి కనిపించేది లిపిడ్ రిపోర్ట్‌లో కాదు, అల్ట్రాసౌండ్ లాంటి స్కాన్‌లో. ఇంకో విచిత్రం: ట్రైగ్లిజరైడ్స్ తగ్గించే ఫైబ్రేట్ మందులు పైత్యరసంలో కొలెస్ట్రాల్‌ను పెంచుతాయి.