ర్యాంప్ ఉంది సార్, మెట్లెక్కి రండి

మన హోటళ్ల మీద లేనిపోని నిందలు వేస్తే నేనొప్పుకోను. వీల్‌చైర్‌లో ఉన్న అమ్మను హైదరాబాద్ నుంచి విశాఖ తీసుకెళ్దామని ఫోన్లు మొదలుపెడితే, అడిగిందల్లా ఉందన్నారు. "ర్యాంప్ ఉందా?" "ఉంది సార్." "ఎక్కడ మొదలవుతుంది?" "మూడు మెట్లెక్కగానే సార్."

ఆ మూడు మెట్లకీ ర్యాంప్ వేయొచ్చుగా అనడం అన్యాయం. మెట్టు 6 అంగుళాలనుకుంటే మొత్తం అడుగున్నర ఎత్తు. అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు చొప్పున 18 అడుగుల ర్యాంప్ కావాలి. అంత చోటు ఇచ్చేస్తే ఫౌంటెన్ ఎక్కడ పెట్టుకుంటారు? అందుకే కొందరు నాలుగడుగుల చెక్కతో సరిపెడతారు. దాని మీద కుర్చీ ఎక్కించాలంటే వెనక నుంచి ఇద్దరు తోయాలి. దిగడం మాత్రం దానంతటదే జరిగిపోతుంది.

అసలు విశ్వరూపం బాత్రూం దగ్గర కనిపిస్తుంది. అమ్మ కుర్చీ, చక్రాల పక్కన చేత్తో తిప్పే రింగులతో కలిపి, 26 అంగుళాలు. తలుపు 28 అంగుళాలన్నారు, సంతోషించాం. వాళ్లు కొలిచింది చట్రాన్ని. తలుపు తెరిచాక రెక్క మందం, మడత బందులు తినే చోటు పోగా మిగిలింది పాతిక. అంగుళమే కదా అనకండి, ఆ అంగుళానికి అవతలే కమోడ్ ఉంది. పైగా తలుపు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి, ఎలాగో కుర్చీ దూరినా మూయడం కుదరదు. 2021 నాటి కేంద్ర మార్గదర్శకాలు 900 మిల్లీమీటర్ల ఖాళీ, అంటే 35 అంగుళాల పైనే ఉండాలంటాయి. ఇలాంటివి సలహాలుగా మిగిలిపోతే చాలదు, తప్పనిసరి నిబంధనలు రాయండని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. తీర్పు ఎంత పెద్దదైనా ఆ పాతిక అంగుళాల్లోంచి లోపలికి రావాలి కదా.

రైలు సంగతి తేలిక. మామూలు బోగీ నేల ప్లాట్‌ఫాం కంటే సుమారు అడుగున్నర ఎత్తులో ఉంటుంది, లోపలి దారిలో పెద్ద కుర్చీ పట్టదు. వెడల్పు తలుపున్న దివ్యాంగుల బోగీ చాలా రైళ్లలో ఒక చివర, గార్డు పక్కన ఉంటుంది. అది ఏ చివరో ముందే కనుక్కోకపోతే ప్లాట్‌ఫాం పొడవునా పరుగు పందెమే.

చూడాల్సిన వాటి జాబితాలోంచి కురుసుర జలాంతర్గామిని మేమే కొట్టేశాం. లోపల గదికీ గదికీ మధ్య గుండ్రటి ఇరుకు ద్వారాలు, వంగి దూరాలి. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు, యుద్ధానికి కట్టిన ఓడ. ఆ హోటల్ బాత్రూం ఎవరితో యుద్ధానికి కట్టారో మాత్రం తెలియలేదు.

ఇప్పుడు నేను "ఉందా" అని అడగడం మానేశాను. తలుపు పూర్తిగా తెరిచి, ఖాళీకి అడ్డంగా టేపు పట్టి ఫొటో పంపమంటున్నాను. గడప ఎత్తు, కమోడ్ పక్కన కుర్చీ ఆపే చోటు, మంచం ఎత్తు కూడా. నిన్న ఒక రిసెప్షనిస్టు అన్నీ ఓపిగ్గా రాసుకుని అడిగాడు: "సార్, మీరు రూం బుక్ చేస్తున్నారా, హోటల్ కొంటున్నారా?"