మొహం లేని పెళ్ళిఫోటో ఏటని అడిగిన గురువుగారికి

పొద్దున్న పేజీలో ఒక ఫోటో పెట్టాను. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం. అడ్డుతెర మీదుగా రెండు చేతులు, అంతే. టిఫిన్ తిని వచ్చేసరికి మన పెళ్ళి ఫోటోల లైన్లోనే ఉన్న ఒకాయన కామెంట్: "ఏటి గురూ, పెళ్ళికొడుకు మొహమేదీ? పారిపోనాడా?" దాని కింద వరసగా పళ్ళికిలించే బొమ్మలు. ఇంకో తమ్ముడైతే మరీ బాధపడిపోయాడు: "పేర్లు, ట్యాగులు లేకపోతే ఎంక్వైరీలు ఎలా వస్తాయన్నా?"

నాయనా, ఫోటో కింద నేను రాసింది చదివారా? చదవరు. ఇదిగో, మళ్ళీ పెడుతున్నా:

"తెల్లవారుజాము ముహూర్తం. తెర దించడానికి ఇంకా రెండు క్షణాలుంది. మండపం మీది గులాబీ లైట్లు ఆపించి, పక్కనుంచి ఒకే ఒక్క ఫ్లాష్, తెల్ల గొడుగులోంచి. వేళ్ళ మధ్య జీలకర్ర గింజలు కూడా కనబడాలని. దంపతుల అనుమతితో పెట్టిన ఫోటో, వివరాలు వాళ్ళవి. విశాఖ, చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి తేదీ, ఊరు, ఎన్ని కార్యక్రమాలో రాసి మెసేజ్ చెయ్యండి."

ఇందులో ఏం తక్కువైందో చెప్పండి. ఫీడ్‌లో మొదటి ఒకటి రెండు లైన్లే కనబడతాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ రెండు లైన్లలో మీరేం పెడతారు? ఆరు ఎర్ర గుండెలు, రెండు ఉంగరాలు, ఒక నాట్యం చేసే అమ్మాయి బొమ్మ. కూతురి పెళ్ళికి ఫోటోగ్రాఫర్‌ని వెతుక్కునే తల్లికి ఆ గుండెలతో ఏం పని? చీకటి ముహూర్తానికి వీడు సరిగ్గా తీయగలడా లేదా, అదీ ఆవిడ భయం. గులాబీ లైట్లు ఆపించాడు అన్న ముక్క చదివితే, పోయినసారి పెద్దకూతురి ఆల్బమ్‌లో అందరి మొహాలూ వంకాయ రంగులో ఎందుకొచ్చాయో ఆవిడకి టక్కున అర్థమవుతుంది. మండపం మీద వేసే ఆ పార్ లైట్ల గులాబీలో చర్మానికి కావలసిన మిగతా రంగుల వెలుగు దాదాపు ఉండదు. కెమెరాకి అందని రంగుని తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కణ్ణుంచి తెస్తాం? అందుకే ముహూర్తానికి ముందే లైట్లాయన్ని పక్కకి పిలిచి, టీ తాగించి, ఆ కాసేపు ఆపమని బతిమాలుకోవాలి. పని అంటే ఇదీ. కాప్షన్‌లో రాయాల్సింది ఇదీ. పెళ్ళికొడుకు ఏ కంపెనీలో చేస్తున్నాడన్నది కాదు.

పని గురించి రాయడం రాక కవిత్వం రాసేవాళ్ళ సంగతి వేరే. మొన్న ఎవరో ఆర్కే బీచ్‌లో తీసిన జంట ఫోటో పెట్టి "అస్తమించే సూర్యుడి సాక్షిగా" అని రాశారు. వెనక సముద్రం, సముద్రం మీద సూర్యుడు. అయ్యా, మన సముద్రం తూర్పున ఉంది. అక్కడ సూర్యుడు లేవడమే గానీ దిగడం ఉండదు, దిగేది ఊరి వెనక్కి. పాపం ఆ పిల్లకి చీకట్లోనే లేచి మేకప్ వేయించి ఇసుకలో నిలబెట్టినవాడు ఆ సంగతైనా రాసుకోడా? తీసినవాడు ఒకడు, రాసినవాడు ఇంకొకడు అయ్యుంటాడులెండి.

సరే, ప్రైవసీ. మొహం కోసేస్తే అయిపోయిందనుకునే తెలివైనవాళ్ళూ ఉన్నారు. నేను పెట్టిన ఫోటోనే తీసుకోండి. మొదట ఎంచుకున్నది అది కాదు, దానికన్నా మంచి ఫ్రేమ్ ఇంకోటి ఉంది. పెద్దది చేసి చూస్తే అమ్మాయి మెహందీలో, మణికట్టు దగ్గర తీగల మధ్య, పెళ్ళికొడుకు పేరు. మెహందీ పెట్టేవాళ్ళకి అదో సరదా కదా, పేరు దాచి వెతుక్కోమంటారు. వెనక స్టేజీ మీద థర్మాకోల్ అక్షరాల్లో ఇద్దరి పేర్లూ సగం సగం. అందుకని ఆ ఫ్రేమ్ పక్కన పెట్టి, అరచెయ్యి అవతలికి తిరిగి ఉన్నది తీసుకుని, వెనక అక్షరాలు పోయేలా కోశాను. మీరంతా తీస్తారే, శుభలేఖ మీద ఉంగరాలు, పక్కన మల్లెమొగ్గలు? ఉంగరాల మీద ఫోకస్ బాగానే ఉంటుంది. ఆ పక్కనే తాతగారి పేరుతో సహా ఇంటి అడ్రసు, రెండు ఫోన్ నంబర్లు కూడా అంతే స్పష్టంగా ఉంటాయి. పైగా ముహూర్తం జరుగుతుండగానే లొకేషన్ పెట్టి మరీ పోస్టు. ఇంటిల్లిపాదీ మండపంలో ఉన్నారు, ఇంటికి తాళం వేసుంది అని ఊరంతా దండోరా వేసినట్టు.

ఇదంతా అంటే మన గురువుగారి దగ్గర ఒకటే మాట. "తీసింది నేను, ఫోటో నాది." ఎవరు చెప్పారండీ? 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ఒకసారి తెరవండి. ఒకరు అడిగి, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవాళ్ళే, వేరేగా ఒప్పందం ఉంటే తప్ప. అందుకే నా అగ్రిమెంట్‌లో దానికో లైను విడిగా ఉంటుంది. అదొక్కటీ సరిపోదు కూడా. ఒప్పందం చేసుకుని అడ్వాన్సు ఇచ్చేది చాలాసార్లు అమ్మాయి నాన్నగారు. ఫోటోలో ఉండేది అమ్మాయి. ఆయన "పెట్టుకో బాబూ, దానికేముంది" అన్నంత మాత్రాన ఆవిడ ఒప్పుకున్నట్టా? పెళ్ళి హడావుడి తగ్గాక, పెట్టబోయే ఫోటోని, కింద రాయబోయే మాటల్ని కలిపి ఇద్దరికీ పంపిస్తాను. ఇద్దరూ సరే అంటేనే. ఒకళ్ళు సరే అని ఇంకొకళ్ళు పలక్కపోతే అది సరే కాదు. ఈ పొద్దుటి ఫోటోకి అమ్మాయి చెప్పింది, "అన్నయ్యా, చేతుల వరకైతే ఓకే." అదీ గురువుగారూ, పెళ్ళికొడుకు మొహం లేని కారణం. పారిపోలేదు. లోపల హాయిగా తాంబూలం నములుతున్నాడు.

ఇంత మంట నాకెందుకో చెప్పనా? నా ఫోటోగ్రఫీ వల్ల కాదు, పక్కవాళ్ళ వల్ల. కొన్నాళ్ళ కిందట ఒక పెళ్ళి చేశాం. అమ్మాయికి రెండో పెళ్ళి. చిన్నగా, దగ్గరివాళ్ళతో, సాయంత్రం భీమిలి రోడ్డు వైపు. ఫోటోలు బయటికి వద్దు అని ముందే చెప్పింది, మేం ఒక్కటి కూడా పెట్టలేదు. డెకరేషన్ చేసినాయన మాత్రం ఫోల్డర్ ఎవరి దగ్గరో సంపాదించి, స్టేజీ మీద ఇద్దరూ నవ్వుతున్న ఫోటో పెట్టి, పేర్లు రాసి, అమ్మాయిని ట్యాగ్ చేసి, కింద "మా పూల పనితనం" అని వేశాడు. పువ్వులు ఎక్కడున్నాయా అని వెతుక్కోవాలి ఆ ఫోటోలో. పాత అత్తగారి వైపు వాళ్ళెవరో వచ్చి అక్కడ రాసిన మాటలు నేనిక్కడ రాయలేను. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసి ఒకటే అడిగింది, "మీరిచ్చారా అన్నయ్యా?" ఇవ్వలేదని నమ్మించడానికి నా ప్రాణం పోయింది. ఆయన్ని తీసెయ్యమంటే ఏమన్నాడో తెలుసా? "మంచి రీచ్ వస్తోంది సార్, రెండ్రోజులు ఉంచుదాం."

రీచ్ అంట!

అప్పట్నుంచి డెకరేషన్, మేకప్, కేటరింగ్, ఎవరు "మాకో నాలుగు ఫోటోలు పంపండి సార్" అన్నా దంపతులు చెప్పందే పంపను. పొగరంటున్నారట, అనుకోనీండి. మీ పూల పనితనం చూపించుకోవాలంటే పెళ్ళివారు దిగకముందే పిలవండి, స్టేజీని, ద్వారాన్ని, దండల్ని దగ్గరగా, మంచి లైటులో, ఉచితంగా తీసిస్తాను. ఖాళీ కుర్చీలతో సహా. వాటిని ఎన్ని ట్యాగులైనా చేసుకోండి, కుర్చీలు ఏమీ అనుకోవు.