స్టార్ట్ బిట్ పడ్డప్పుడల్లా లెక్క కొత్తదే
"UART సీరియల్ లైనులో పంపేవాడికీ అందుకునేవాడికీ ఉమ్మడి క్లాక్ లేదు కాబట్టి రెండు వైపులా బాడ్ రేటు అణువంత తేడా లేకుండా ఉండాలి" - అంత అవసరం లేదండి. స్టార్ట్ బిట్‌తో లైను 1 నుంచి 0కి పడగానే రిసీవర్ లెక్క కొత్తగా మొదలుపెట్టి, ఒక్కో బిట్ మధ్యలో చూస్తుంది. స్టార్ట్ బిట్, ఎనిమిది డేటా బిట్లు దాటి చివరి స్టాప్ బిట్ మధ్యకి తొమ్మిదిన్నర బిట్లే. 4 శాతం తేడా ఉన్నా అక్కడికి చేరేసరికి బిట్‌లో 38 శాతమే పక్కకి జరుగుతుంది, ఇంకా లోపలే ఉంటాం. 6 శాతమైతే 57, అంటే పక్క బిట్‌లో పడ్డట్టే. మా అల్లూరు వైపు రొయ్యల చెరువు గట్టున ఆక్సిజన్ మీటరు పొద్దున బాగానే పంపేది, మిట్టమధ్యాహ్నం ఎండకి పిచ్చి అక్షరాలు. క్రిస్టల్ లేని చిప్ అది, వేడికి క్లాక్ నెమ్మదించేది. 9600 బాడ్‌లో ఒక బిట్ 104 మైక్రోసెకన్లు ఉండాలి, స్కోపులో 111 కనబడింది, అంటే తేడా 6 శాతం దాటింది. ఇలాంటప్పుడు బాడ్ తగ్గించినా లాభం లేదు, తేడా శాతంలో ఉంది మరి. క్రిస్టల్ ఉన్న బోర్డు పెట్టాకే కుదురుకుంది.