మీరు పండైతే ఏ పండు?

మన టీమ్‌లో ఆత్మీయత తగ్గిపోయిందని హెచ్ఆర్ వాళ్లు కనిపెట్టారు. మారతహళ్లి పీజీలో ఒకరు, వైట్‌ఫీల్డ్ ఫ్లాట్‌లో ఒకరు, అనంతపురంలో అమ్మానాన్నల దగ్గర ఒకరు ఉంటే తగ్గక ఏమవుతుంది? మందు కూడా వాళ్లే రాశారు. ప్రతి శుక్రవారం సాయంత్రం 4 గంటలకు వీడియో కాల్, 14 మంది, కెమెరా తప్పనిసరి, ఆఫీసు మాటలు నిషిద్ధం.

మొన్నటి ప్రశ్న, మీరు పండైతే ఏ పండు? మొదటి ఆయన మామిడి అనేసి హాయిగా కూర్చున్నాడు. మామిడి పోయాక అరటి, జామ, సపోటా వరుసగా అయిపోయాయి. తొమ్మిదో ఆవిడకి ఏమీ మిగలక డ్రాగన్ ఫ్రూట్ అంది, పాపం తిన్నదో లేదో. పదో ఆయన పనసపండు అని, పైన గరుకు లోపల తీపి అని వివరణ కూడా ఇచ్చుకున్నాడు. మేనేజర్ గారు 'వావ్, డీప్' అన్నారు. ఆయన మాట ఒక్కరైనా విన్నారా అంటే లేదు, వంతు రాని వాళ్లంతా తమ పండు వెతుక్కుంటున్నారు. పన్నెండో ఆయన మ్యూట్‌లోనే ఆవేశంగా నిమిషం మాట్లాడాడు. బహుశా అదే మంచి జవాబు.

ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఒకరి మాట ఆగి ఇంకొకరు అందుకోవడానికి పట్టేది సగటున సెకనులో ఐదో వంతు. పరిశోధకులు పది భాషల్లో కొలిచి చెప్పిన లెక్క ఇది. నెట్ ఆలస్యం సరిగ్గా ఆ కాస్త సందునే మింగేస్తుంది. అందుకే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, 'మీరు చెప్పండి', 'అయ్యో మీరే చెప్పండి' అనుకుని ఇద్దరూ ఆగిపోతారు. ఆ గోల పడలేక అందరూ మ్యూట్ పెట్టుకుంటారు, ఇక జోకు వేసినవాడికి ఒక్క నవ్వూ వినపడదు. ఆఫీసు టీ కొట్టు దగ్గరైతే 14 మంది నాలుగు గుంపులైపోతారు. తెరమీద ఒక్కరికే నోరు, మిగతా 13 మంది ప్రేక్షకులు. దాన్ని కబుర్లు అనరు, హాజరు పిలవడం అంటారు.

మాటలు కలిసేది ముగ్గురిలో. కాల్ ఐదు నిమిషాలు ముందు తెరిచిపెడితే వచ్చిన ఇద్దరు ముగ్గురు వాన గురించో, ఓఆర్ఆర్ ట్రాఫిక్ గురించో మొదలెట్టి, 'పాపకి జ్వరం తగ్గిందా?' దాకా వాళ్లే వెళ్తారు. పోయినవారం చెప్పింది ఈవారం గుర్తుపెట్టుకుని అడగాలి, అంతే. దీనికి స్లయిడ్ వెయ్యలేరు కాబట్టి హెచ్ఆర్‌కి పనికిరాదు.

ఆ రోజు అనంతపురం కుర్రాడి వంతు చివర్లో వచ్చింది. 'ఈరోజు వదిలెయ్యండి సార్, నాన్న ఐసీయూలో ఉన్నారు' అన్నాడు. 'ఓ, సారీ టు హియర్, టేక్ కేర్. ఏదో ఒక పండు చెప్పెయ్, రౌండ్ పూర్తయిపోతుంది' అన్నారు మేనేజర్ గారు. వాడు 'దానిమ్మ' అన్నాడు. తెరంతా హార్ట్ ఎమోజీలు ఎగిరాయి. తండ్రి ఐసీయూలో ఉన్నవాడి చేత పండు పేరు చెప్పించుకున్నారయ్యా! సిగ్గనిపించలేదా? కాల్ అక్కడితో ఆపేసి వాడికి విడిగా ఫోన్ చేసి, ఏ ఆసుపత్రి, డబ్బులున్నాయా, సెలవు నేను చూసుకుంటాను వెళ్లిరా అంటే రెండు నిమిషాలు పట్టేది. చెయ్యలేదు.

సోమవారం ఎంగేజ్‌మెంట్ షీట్‌లో ఆ కాల్ ఎదురుగా పచ్చరంగు పడింది. హాజరు 14కి 14.