రాత్రి తొమ్మిదిన్నర ఎవరి వంతు?

లావణ్య అడిగింది: "మా టీమ్‌లో హైదరాబాద్‌లో తొమ్మిది మందిమి, శాన్‌హోసేలో నలుగురు, లండన్‌లో ఇద్దరు. ప్లానింగ్ మీటింగ్ ప్రతి మంగళవారం మాకు రాత్రి 9:30కే. వంతుల వారీగా టైమ్ మార్చమని అడగనా, వద్దా?"

మాధవి అక్క ఉండేది హైదరాబాద్‌లో, ఆమె తమ్ముడు శ్రీధర్ శాన్‌హోసేలో. ఇద్దరిదీ ఐటీ ఉద్యోగమే. ఆదివారం వీడియో కాల్‌లో లావణ్య ప్రశ్న మీదే చర్చ, మాధవి హైదరాబాద్ వైపు, శ్రీధర్ శాన్‌హోసే వైపు. బాబాయి కూడా పక్కనే ఉన్నాడు.

శ్రీధర్: అడగొద్దనే నా మాట అక్కా. పగ పట్టి పెట్టిన టైమ్ కాదది. మీకు రాత్రి 9:30 అయితే మాకు ఉదయం 9, లండన్‌కి సాయంత్రం 5. ముగ్గురూ మెలకువగా ఉండేది అప్పుడే. దాన్ని మీకు ఉదయం 7:30కి మార్చావనుకో, లండన్‌లో తెల్లవారుజామున 3. మీకు మధ్యాహ్నం 1:30 అయితే మాకు అర్ధరాత్రి దాటి 1. వంతులంటే ప్రతి నెలా ఎవరో ఒకరిని నిద్ర లేపడమే.

మాధవి: ఎవర్నీ లేపొద్దు. రాత్రి 11 నుంచి పొద్దున్న 6 దాకా ఏ ఊళ్ళోనూ మీటింగ్ ఉండకూడదని ముందే గీత గీద్దాం. అప్పుడు మిగిలే టైములు రెండు చోట్లే ఉంటాయి. ఒకటి మీ ఉదయం 6 నుంచి 9:30 మధ్య మొదలయ్యేది. అందులో నువ్వు 7కి లేచి కూర్చుంటే మాకు సాయంత్రం 7:30, లండన్‌కి 3. రెండోది నీకు తట్టలేదు. మీ రాత్రి 10, లండన్ ఉదయం 6, మాకు ఉదయం 10:30. గంటసేపే దొరుకుతుంది, కానీ దొరుకుతుంది.

శ్రీధర్: రాత్రి పదింటికా? పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దింపాలి అక్కా. పదయ్యేసరికి బుర్ర పనిచేయదు.

మాధవి: లావణ్యకీ అంతేరా. మాకు తొమ్మిదిన్నరకి మొదలైతే ముగిసేది పదిన్నరకి. నేను మూడేళ్ళు అలాగే కూర్చున్నాను. వంటగట్టు మీద ల్యాప్‌టాప్, ఒళ్ళో నిద్రకి గునుస్తున్న పాప. చెప్పాల్సింది నోట్లోనే ఉంది, పాపని ఇంకో భుజానికి మార్చి మ్యూట్ తీసేసరికి వాళ్ళు తర్వాతి విషయంలోకి వెళ్ళిపోయారు. ఆ వారం మా మీద పడిన పని గడువు నేను ఒప్పుకున్నది కాదు. కాదనడానికి టైమ్ దొరకలేదు, అంతే.

బాబాయి: నేను పాల్వంచ థర్మల్‌లో ముప్ఫై ఏళ్ళు ఏ, బీ, సీ షిఫ్టులు చేశాను. నైట్ డ్యూటీకి అలవెన్సు ఇచ్చేవాళ్ళమ్మా. లావణ్యని ముందు అది అడగమను.

మాధవి: ఇది షిఫ్టు కాదు బాబాయ్. పగలంతా పనిచేశాక మళ్ళీ రాత్రి కూర్చోవడం.

బాబాయి: ఏదైతేనేం. వారం వారం మారిస్తే మాత్రం ఒప్పుకోవద్దు. షిఫ్టు మారిన రెండు మూడు రోజులు కళ్ళు మంటలు. ఒంటికి అలవాటయ్యేలోపే మళ్ళీ మార్చేవాళ్ళు.

శ్రీధర్: ఆ మాట నిజం. వారానికో టైమ్ పెడితే ఎవడో ఒకడు తప్పకుండా మర్చిపోతాడు.

మాధవి: అందుకే నెలకొకటి. ఒక నెల మాకు రాత్రి 9:30, తర్వాతి నెల మీకు ఉదయం 7, మూడో నెల మీకు రాత్రి 10. పిల్లల్ని ఎవరు చూసుకోవాలో, ఇంట్లో వంట ఎవరిదో ముందే చెప్పుకోవచ్చు. రోజు మాత్రం మంగళవారం నుంచి గురువారం మధ్యే ఉండాలి. మాకు మంగళవారం 10:30 అంటే మీకు సోమవారం రాత్రి. అదే మాకు సోమవారం పెడితే మీ ఆదివారం రాత్రి పోతుంది. అది నేనూ ఒప్పుకోను.

శ్రీధర్: సరే, నేనొకటి అడుగుతా. టైమ్ ఎందుకు తిప్పాలి? మనుషుల్ని తిప్పండి. తొమ్మిది మందీ రావాలా? ముగ్గురు ముగ్గురు వంతులేసుకుంటే ఒక్కొక్కరికి మూడు వారాలకో రాత్రి పడుతుంది. మీ పద్ధతిలోనూ మూడు నెలల్లో ఒక నెల రాత్రి కదా, లెక్క అదే! పైగా మాకు ఏ రాత్రీ పోదు.

మాధవి: (కాసేపు ఆగి) లెక్క అదే, ఒప్పుకుంటున్నా. మీటింగ్ పని ఎంతదాకా వచ్చిందో చెప్పుకోవడానికే అయితే నీ పద్ధతే మంచిది. కానీ ఇది ప్లానింగ్. ఎవరికి ఏ పని, ఎన్ని రోజుల్లో అన్నది అక్కడే తేలుతుంది. వెళ్ళిన ముగ్గురూ వెళ్ళని ఆరుగురి తరఫున ఒప్పుకుని వస్తారు. రెండు నెలలు పోతే చక్కగా మాట్లాడే ఆ ఇద్దరే ప్రతిసారీ వెళ్తుంటారు, వంతు పేరుకే మిగులుతుంది. కొత్తగా చేరిన పిల్లల గొంతు ఎవరికీ వినపడదు.

శ్రీధర్: మీ పద్ధతిలోనూ అదే జరుగుతుంది, వేరే వైపు. మాకు రాత్రి 10 అయిన నెలలో మా డైరెక్టర్ రాడు. రెండు వారాలయ్యాక వచ్చి, అప్పుడు అనుకున్నవన్నీ మళ్ళీ తెరుస్తాడు. ఇది నేను చూశాను.

మాధవి: అది నిజంగానే పెద్ద చిక్కు. పట్టుకోవడానికి ఒక దారి ఉంది. మూడు నెలలు ప్రతి మీటింగ్‌కీ ఎవరొచ్చారో, ఏం తేల్చారో రాసి పెట్టుకోవాలి. మాకు అనువైన నెలలో తేలినవే మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నారంటే వంతులు కాగితం మీదే ఉన్నట్టు. అప్పుడు మీ డైరెక్టర్ గారు వచ్చే టైమే అసలు టైమ్. దానికి నా దగ్గర మందు లేదు.

శ్రీధర్: ఇంకోటి, క్యాలెండర్ సంగతి చూశావా? మీటింగ్ `America/Los_Angeles` అనే మా టైమ్‌జోన్ మీద కట్టి ఉంటుంది. నవంబరు మొదటి ఆదివారం మా గడియారం గంట వెనక్కి వెళ్తుంది. మీరు ఏమీ మార్చకుండానే మీ 9:30 కాస్తా 10:30 అవుతుంది.

మాధవి: ముగిసేసరికి పదకొండున్నర. మనం గీసిన గీత దాటేసింది. అందుకే నవంబరు నుంచి మార్చి దాకా మా వంతు నెలలో మీరు 8కే రావాలి. ఇంకా మెలిక ఉంది. లండన్ గడియారం మీకంటే వారం ముందే, అక్టోబరు ఆఖరి ఆదివారం మారుతుంది. మార్చిలో మీది ముందు, వాళ్ళది రెండు మూడు వారాల తర్వాత. ఆ మధ్యలో మీ రాత్రి 10 లండన్‌కి తెల్లవారుజాము 5 అవుతుంది. ఆ వారాల్లో ఆ టైమ్ వాడకూడదు, ఉదయం 7దే పెట్టుకోవాలి.

శ్రీధర్: ఇన్ని మినహాయింపులు గుర్తు పెట్టుకునేది ఎవరు?

మాధవి: వంతు ఎవరిదైతే వాళ్ళే. ఆ నెల మీటింగ్ వాళ్ళే పంపించాలి. ఇప్పుడు ప్రతి మార్పూ మా లావణ్యే గుర్తు పెట్టుకుంటోంది, ఎందుకంటే మారేది ఆమె రాత్రి కాబట్టి.

బాబాయి: మరి లండన్ వాళ్ళిద్దరికీ ఏం కష్టం? ఎప్పుడూ మధ్యాహ్నమేగా.

మాధవి: మూడో నెల ఉదయం 6 వాళ్ళదే బాబాయ్. మిగతా రెండు నెలలూ హాయే. అందుకని నోట్సు రాసే పని ఆ రెండు నెలలూ వాళ్ళకి ఇవ్వమంటాను. వాళ్ళు ఒప్పుకుంటారో లేదో.

శ్రీధర్: నేను ఉదయం 7కి వస్తాను అక్కా. రాత్రి 10 మాత్రం కుదరదు. మా వాళ్ళు నలుగురూ ఇదే అంటారు.

మాధవి: అయితే లావణ్య రెండూ అడగాలి. ఒక్క 7 దొరికినా మాకు రాత్రి 9:30 కాస్తా సాయంత్రం 7:30 అవుతుంది. పిల్లకి అన్నం పెట్టే వేళ అది, అదీ హాయేం కాదు. కానీ పడుకోబెట్టే వేళకి ఫోన్ పక్కన పెట్టేయొచ్చు.

శ్రీధర్: నెలకా, మూడు నెలలకా?

మాధవి: నెలకే.

శ్రీధర్: నేనైతే మూడు నెలలంటాను. ప్రతి నెలా డ్రైవింగ్ టైమ్ మార్చుకోవడం మా ఆవిడకి కష్టం.

మాధవి: అది లావణ్య వాళ్ళు ఓటేసుకోనీ. అడిగేది మాత్రం అక్టోబరు దాటకుండా అడగమను, ఆ 10:30 పడకముందే.