కాయ ధర ప్యాసేజీలో లేదు

తిరుపతిలో ఐఈఎల్‌టీఎస్ రీడింగ్ చెబుతూ ఒకసారి మన ఊరి సంగతితోనే చిన్న ప్యాసేజీ రాసి ఇచ్చాను. "చిత్తూరు ప్రాంతంలో పండే తోతాపురిలో ఎక్కువ భాగం గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్తుంది. కొన్ని కాయలు మాత్రం పచ్చివిగానే మార్కెట్‌లో అమ్ముడవుతాయి." రెండే వాక్యాలు. దాని కింద మూడు స్టేట్‌మెంట్లు పెట్టాను. ప్యాసేజీ ఒప్పుకుంటే ట్రూ, ఎదురు చెబితే ఫాల్స్, ఏమీ చెప్పకపోతే నాట్ గివెన్ అని రాయాలి.

తోతాపురిలో సగానికి పైగా ఫ్యాక్టరీలకు చేరుతుంది అన్నది ట్రూ. కాసిన కాయంతా గుజ్జుకే పోతుంది అన్నది ఫాల్స్. ఈ రెండింటి దగ్గర ఎవరూ పెద్దగా తడబడలేదు. మూడోది: "ఫ్యాక్టరీలు ఇచ్చే ధర బయటి మార్కెట్ ధర కంటే తక్కువ."

మామిడి తోట ఉన్న ఇంటి నుంచి వచ్చిన కుర్రాడు ట్రూ పెట్టేశాడు. "మా నాయన ప్రతి సీజన్‌లోనూ అదే మొత్తుకుంటాడు సార్" అన్నాడు. వాళ్ల నాయన చెప్పింది నిజమే కావచ్చు. కానీ ప్యాసేజీ ధర ఊసే ఎత్తలేదు. జవాబు నాట్ గివెన్.

పక్కనున్న అమ్మాయి ఫాల్స్ పెట్టింది. ఆ పొరపాటు వేరే రకం. "ప్యాసేజీలో అలా లేదు కదా సార్, అందుకే తప్పు" అంది. నా లెక్కలో ఎక్కువ మంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. మన బడి పరీక్షల్లో తప్పో ఒప్పో రెండే ఉండేవి, ఒప్పు కానిదంతా తప్పే. ఇక్కడ ఫాల్స్ పెట్టాలంటే ప్యాసేజీ దానికి ఎదురు చెప్పాలి. ఊరుకుంటే చాలదు.

కొన్ని కోచింగుల్లో ఒక చిట్కా చెబుతుంటారు: ప్రశ్నలోని మాటలు ప్యాసేజీలో కనిపించకపోతే నాట్ గివెన్ అని. నాకది నచ్చదు. పైన చూడండి, ఫ్యాక్టరీ అనే మాటా ఉంది, మార్కెట్ అనే మాటా ఉంది. లేనిది ఆ రెండు ధరల మధ్య పోలిక. ప్రశ్నలు తయారుచేసేవాళ్లు కావాలనే మాటలు ఉంచి సంబంధాన్ని తీసేస్తారు. పోలిక, కారణం, "మాత్రమే" లాంటి మాట స్టేట్‌మెంట్‌లో కనిపిస్తే దాన్నే పట్టుకుని వెతకాలి.

నేను అడిగేది ఒక్కటే. ఫాల్స్ అనుకుంటే ప్యాసేజీలోని వాక్యం మీద వేలు పెట్టి, ఆ స్టేట్‌మెంట్‌ను దిద్ది చూపించు. రెండో దాన్ని దిద్దగలం: అంతా కాదు, కొన్ని పచ్చివిగా అమ్ముడవుతాయి. మూడోదాన్ని దిద్దబోతే ధర ఎక్కువని రాయాలా, సమానమని రాయాలా? ఏది రాసినా మన సొంత కవిత్వమే.

ఇక టైము సంగతి. 60 నిమిషాల్లో 40 ప్రశ్నలు. లేనిదాని కోసం ప్యాసేజీ అంతా మూడుసార్లు చదివేవాళ్లున్నారు. ఈ రకం ప్రశ్నలు ప్యాసేజీ వరుసలోనే వస్తాయి. నాలుగో దానికి జవాబు రెండో పేరాలో, ఆరో దానికి మూడో పేరాలో దొరికితే, ఐదోదాన్ని ఆ మధ్యలోనే వెతకాలి. అక్కడ రెండుసార్లు చదివినా దొరక్కపోతే నాట్ గివెన్ రాసి ముందుకెళ్లడమే. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఖాళీ మాత్రం వదలకూడదు.

ఆ కుర్రాడికి మరుసటి వారం కాఫీ తోటల ప్యాసేజీలో ఒక్కటీ తప్పు పోలేదు. వాళ్లింట్లో కాఫీ తోట లేదు మరి.